ఎండ తగలని చార

అర్జున్ రావు తన తాత షేర్వాణీని నా ముందుకు విసిరాడు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, నన్ను కూర్చోమనలేదు. నిజాం కాలం సినిమాకు దుస్తులు చేస్తున్నాను. కోరుట్లలో ఆయన బంగ్లాలోనే షూటింగ్.

"హీరోకు గిదే తొడగాలె. మా తాత గిదేసుకొని పోతే జిల్లా తాలూక్‌దారు, అంటే గప్పటి కలెక్టరు గూడ లేచి నిలబడేటోడు. సిరిసిల్ల సాలోల్ల బిడ్డవు, నీకు గుడ్డ తెలుస్తది గని దొరతనం ఏం తెలుస్తది?"

గుడ్డ తెలుసు కనుకే తిప్పి చూశాను. దొరలది మెత్తని ఉన్ని, లోపల పట్టు అస్తరు, ఒంటి కొలతకు కోసిన కోత. ఇది ముతక ఉన్ని, అస్తరే లేదు. భుజం కుట్టు చేతి మీదికి జారింది. ఒకే కొలతకు కుట్టి అందరికీ పంచినది. బట్టంతా ఎండకు వెలిసింది. కూర్చునే చోట మాత్రం అరుగుదల లేదు. కుడి భుజం నుంచి ఎడమ నడుం దాకా ఒక ఏటవాలు చార ఇంకా నల్లగానే ఉంది.

సినిమాలో తాలూక్‌దారు గుమ్మంలో నిలబడే చప్రాసీ వేషం కట్టినవాణ్ని పిలిచాను. షేర్వాణీ తొడిగి, చప్రాసీల ఇత్తడి బిళ్ల ఉన్న తోలు పట్టీ వేశాను. నల్లని చార అంచులతో సహా దాని కింద దాగిపోయింది.

అర్జున్ రావు కుర్చీలోంచి లేచాడు.

"కూసోండ్రి సార్," అన్నాను. "మీ తాతకు గా నసీబు లేకపాయె."