ఆరున్నరకి ఫోన్

"రెజీనా, నీ షరతులన్నీ ఒప్పుకున్నా. రోజూ సాయంత్రం ఆరున్నరకి నేను ఫోన్ చేయాలి. అంతకు ముందే హోంవర్కు ఫోటో నువ్వు పంపాలి. రెండు లెక్కలు ఎట్లా చేసినావో చెప్పాలి. నేను అరవకూడదు. పది నిమిషాలే. ఆదివారం సెలవు. ఎవరు తప్పినా మన చుట్టాల గ్రూపులో వాయిస్ మెసేజి పెట్టి సారీ చెప్పాలి. - నాయన."

తండ్రి పంపిన ఆ మెసేజి తల్లికి చూపించి రెజీనా నవ్వింది.

"ఈ వారమంతా ఆరున్నరకి మీ నాయన పోర్టులో క్రేన్ మీద ఉంటాడు గదా. పైకి ఫోన్ తీసుకుపోనీరే," అంది రెబెక్కమ్మ.

"తెలుసు. నా ఆరు సబ్జెక్టుల మార్కులూ ఆ గ్రూపులోనే చదివినాడు. అందరూ విన్నారు. ఇప్పుడు ఆయన సారీ కూడా విననీ."

సోమవారం ఆమె ఫోటో పంపింది. ఆరున్నరకి ఫోన్ రాలేదు. ఎనిమిదికి, టీ విరామంలో, గ్రూపులో తండ్రి దావీదు గొంతు వినిపించింది.

"ఈరోజు ఫోన్ చేయలేకపోయినా. సారీ బిడ్డా. రేపూ చేయలేను. ఆ టైము ఎందుకు పెట్టినావో నాకు తెలిసే ఒప్పుకున్నా. అందరి ముందు నీ మార్కులు చదివినా గదా, అందరి ముందే రోజూ చెప్తా."

రెజీనాకి నవ్వు రాలేదు. ఇంకోసారి విని, తండ్రికి మెసేజి పెట్టింది. "వచ్చే సోమవారం నుంచి ఎనిమిదికి చేయి నాయనా."

"రేపటి నుంచే మార్చవే, పాపం," అంది రెబెక్కమ్మ.

"ఒక్క సబ్జెక్టే అయింది మా. ఇంకా ఐదున్నాయి."