ఎనిమిదో తరగతి చరణం

ఆగస్టు పదిహేనుకి పెదపాడు స్కూల్లో పాటలు నేర్పింది నేనే. ఒకటి, రెండు తరగతులకు చప్పట్లు కొడుతూ పాడే నాలుగు పాదాల జెండా పాట. ఐదో తరగతి దాకా, నేనొక పాదం అంటే పిల్లలు తిరిగి అనే పాట. ఆరు, ఏడు తరగతులకు కోరస్. ఎనిమిదో తరగతి కుర్రవాడికి ఒంటరిగా పాడే చరణం ఇచ్చాను.

వాడు వెంకటసుబ్బలక్ష్మి టీచరుగారి మనవడు. నా ఎనిమిదో తరగతిలో, జెండా పండగ ముందురోజు ఆవిడే, "నువ్వు ఊరికే పెదాలు కదుపు జీవన్" అన్నారు. ఇరవై ఏళ్లయినా ఆ మాట మరిచిపోలేదు.

వాడి గొంతు మారుతోందని, శ్రుతి తగ్గించాలని నాకు తెలుసు. అయినా హార్మోనియం చిన్నపిల్లల శ్రుతిలోనే పట్టాను. పైకి వెళ్లేసరికి వాడి గొంతు కీచుమని పగిలింది. స్కూలంతా నవ్వింది. ముందు వరసలో ఆవిడ తల దించుకున్నారు. నా కడుపు చల్లబడింది.

మిఠాయిలు పంచుతుండగా ఆవిడ దగ్గరికొచ్చారు.

"కాస్త శ్రుతి తగ్గించాల్సింది, బాబూ."

"నన్ను పెదాలు కదపమన్నారు కదండీ. గుర్తుందా అండీ?"

"ఎందుకు లేదూ! అప్పుడు నీ గొంతూ ఇలాగే మారుతోంది. నలుగురిలో నవ్వులపాలవుతావని ఆపేశాను. శ్రుతి తగ్గించడం నాకు రాదు కదా. నీకు వచ్చుగా."