బెంచీ మీది అస్థిపంజరం

తులసక్క వాట్సాప్‌లో బొమ్మ పంపింది. బెంచీ మీద కూర్చున్న అస్థిపంజరం, కింద, "పెళ్లాం చీరలు కొనేదాకా ఆగిన మొగుడు." తనేమీ రాయలేదు. ఫార్వర్డ్ గుర్తూ లేదు. అంటే పనిగట్టుకుని ఏరి పంపింది.

ఒళ్లు మండింది. అంట్లు తోమే మొగుడి మీమ్ ఎదురు పంపుదామా? వద్దు, జోకుకి జోకంటే ఒప్పుకున్నట్టే. ఆడవాళ్లని వెక్కిరించే జోకుల్ని ఆడవాళ్లే మొయ్యడమేమిటని ఇరవై లైన్లు రాశాను. నీలం టిక్కులు పడ్డాయి. కాసేపటికి దండం బొమ్మ వచ్చింది. వాదన గెలిచాననుకున్నాను.

మర్నాడు ఆమె మరిది హరిబాబు ఫోన్ చేశాడు.

"అన్న సేపల ఏటకెళ్లిన బోటు నాలుగు రోజులై రానేదు, బావా. వదిన ఒడ్డునే కూకుండిపోనాది. ఫోన్ సేస్తే మీటింగులో ఇసుక్కుంటావని ఆ బొమ్మెట్టింది."

అక్కకి అక్షరం రాదన్న సంగతే మరిచాను. ఆమె బొమ్మనే చూసింది. నేను రాతనే చదివాను.

"మరి నా మెసేజ్?"

"తమ్ముడు ఇంత రాసినాడు, సదవరా అని నాకే ఇచ్చింది."

"చదివావా?"

"'బయల్దేరినానక్కా' అని సదివినాను. నిన్నట్నించి సముద్రంకేసి సూడ్డం మానేసి, రోడ్డుకేసే సూస్తన్నాది."