మూడో పాయింటు

"ఆ మూడో పాయింటు తీసేయమను" అంది సౌభాగ్య, కాఫీ గ్లాసు మొగుడి ముందు పెడుతూ. "లేకుంటే రేపట్నుంచి ఈ ఊర్లో మనతో మాట్లాడేవాళ్లుండరు."

రామాంజినేయులు ఫోన్లోంచి తలెత్తలేదు. కరెంటాఫీసులో ఇంజినీరుగా రిటైరై ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ఆయన మాట చివరిదాకా విన్నది ఒక్కరే, పక్కింటి కోడలు వినుత. ఆ అమ్మాయి గదిగోడలకు దుప్పట్లు వేలాడదీసి, మైకు ముందు ఊరివాళ్లను కూచోబెట్టి పాడ్‌కాస్ట్ చేస్తుంది. పోయిన వారం ఆయన్ను గంటసేపు మాట్లాడించింది. పొద్దున ప్రకటన పంపితే, మధ్యాహ్నానికి రాయచెర్లులో అది లేని ఫోను లేదు.

"ఎండమాట, పన్నెండో ఎపిసోడ్. అతిథి: విశ్రాంత ఇంజినీరు రామాంజినేయులు. రేపు ఉదయం ఏడు గంటలకు.
1. మన పొలాల్లోని సోలార్ కరెంటు ఊళ్లు దాటి ఎలా పోతుంది?
2. ఇంటి మీటరు నెలకు నలభై యూనిట్లు దాటకుండా ఎలా? ఇంజినీరు గారి ఇల్లే సాక్ష్యం.
3. లైను మీద దొంగ ఎవరు? ఇన్నేళ్లూ దాచిన నిజం, మొదటిసారి!"

పైన ఆయన ఫొటో. పెళ్లిలో కూడా అంత బాగా పడలేదు.

మొదటి పాయింటు మీద ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడాడు. సోలార్ పలకలో పుట్టేది డీసీ, ఇన్వర్టరు దాన్ని ఏసీ చేస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్లు వోల్టేజీని రెండు లక్షల ఇరవై వేల వోల్టుల దాకా పెంచుతాయి, అప్పుడే దారిలో ఎక్కువ వృథా కాకుండా దూరం పోతుంది అని. దాని గురించి అడగడానికి ఒక్కరూ రాలేదు. వచ్చినవాళ్లంతా మూడోదాని కోసమే.

ముందు బోరయ్య వచ్చాడు. అరుగు మీద కూర్చుని వానల గురించి, గొర్రెల గురించి మాట్లాడి, చివరికి గొంతు తగ్గించాడు. ఆ కరువేడు బోరు మోటరుకు లైను మీద కొక్కెం వేసింది నిజమే, అదీ రెండు నెలలే, పేరు మాత్రం ఎత్తొద్దన్నాడు. రామాంజినేయులుకు ఆ కొక్కెం సంగతి అప్పుడే తెలిసింది. తర్వాత ఈరక్క వచ్చింది. ఆమె పిండిమిల్లు మీటరు తిరగకుండా అయస్కాంతం పెట్టిన సంగతి కూడా అప్పుడే తెలిసింది.

"నీకు తెలిసీ ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్నావు. దేవుడట్లాటోడివప్పా" అంది ఈరక్క.

ఆయన కాదనలేదు. దేవుడన్నాక కాదనడం ఎందుకు?

పైన ఫ్యాను ఉన్నట్టుండి ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నాడు. ఎదురింట్లో మిక్సీ తిరుగుతూనే ఉంది. ఫ్యూజు చూద్దామని లేచి కటింగ్ ప్లేయరు కోసం వెతికితే, దాని చోట అది లేదు. సౌభాగ్యను పిలిచాడు. ఆమె పెరట్లో ఎక్కడో ఉన్నట్టుంది, పలకలేదు.

ఇంతలో వినుత పరుగున వచ్చింది. పొద్దుట్నుంచి తొమ్మిదిమంది ఫోన్ చేశారట. ఎపిసోడే ఆపేయమని సొంత మామగారే పట్టుపట్టి కూర్చున్నాడట.

"రేపు ఏడు గంటల వరకు టైముంది మామా. యాప్‌లో రాసింది మార్చొచ్చు, ఆడియోలో ఆ ముక్క కోసేయొచ్చు. కానీ ఊరంతా తిరుగుతున్న ఆ ప్రకటన బొమ్మను వెనక్కి తెప్పించలేను."

"నేను చెప్పింది ఒకటి, నువ్వు రాసింది ఒకటి."

"పాయింట్లు మూడే ఉండాల మామా. ఒకటి తెలుసుకునేది, ఒకటి ఇంట్లో పనికొచ్చేది, ఒకటి ఊరించేది. ఊరించేదాంట్లో జవాబు చెప్పేస్తే ఇంక వినేదెవరు?"

అరుగు మీద బోరయ్య లేచి నిలబడ్డాడు. ఈరక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరేళ్ల తర్వాత దొరికిన ఒక్క గంట చేయిజారిపోయేట్టుందని రామాంజినేయులుకు అర్థమైంది.

"కాకి" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"దొంగ కాకి. ఇన్సులేటరుకు తీగ కట్టే బైండింగు వైరు ముక్కలు దినామూ పోతాండె. నేను లైన్‌మ్యాన్‌ను అనుమానించి మెమో కూడా ఇచ్చినా. ఆఖరికి చూస్తే స్తంభం మీద గూడు, గూడంతా మా వైరే. ఆ వైరు లైనుకూ స్తంభం ఇనప పట్టీకీ తగిలి ఫీడరు ట్రిప్పయి కరెంటు పోయేది. కాకి మీద మెమో రాయలేక దాచినా. అంతే కథ."

బోరయ్య ముందు నవ్వాడు. ఈరక్క నవ్వలేదు, అయస్కాంతం సంగతి చెప్పేసినందుకు తనను తానే తిట్టుకుంటూ పోయింది. ఎపిసోడ్ రేపు ఏడింటికి ఖాయమని వినుత కూడా వెళ్లింది.

రామాంజినేయులు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఫోనులో తన ఫొటో చూసుకున్నాడు. రెండో పాయింటు దగ్గర కాసేపు ఆగాడు. గదిలోంచి బయటికొస్తే లైటార్పాలి, ఫ్రిజ్ తలుపు తెరిచిపెట్టకూడదు. ముప్పై ఏళ్లు భార్యకు చెప్పి చెప్పి నేర్పిన క్రమశిక్షణ అది. గీజరూ గ్రైండరూ ఉన్న ఇంట్లో నలభై యూనిట్లంటే మాటలా?

సౌభాగ్య పెరటి తలుపులోంచి వచ్చింది. చీరకు సున్నం అంటుకుంది. కటింగ్ ప్లేయరును ఆయన ముందు పెట్టింది. దాని పక్కన బారెడు నల్ల వైరు చుట్టను కూడా పెట్టింది. మీటరు లోపలికి పోకుండా పక్కనుంచి కరెంటు తెచ్చే వైరు ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కాకి అని పొద్దున్నే చెప్పొచ్చు గదా" అంది ఆమె, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "మూడోది ఉండనీలే. ఆ రెండోది తీసేయమను."