అందరికీ పేరుపేరునా

"మంగళవారం పొద్దున్నే బ్యాగు సర్దుకుని ఏలూరు బస్సెక్కేసిందండీ మీ అమ్మాయి. అప్పటికి నేను మేత కొనడానికి ఉండి ఊళ్ళో ఉన్నాను. నన్నడిగితే ఏం చెప్పను?" అన్నాడు బాబీ.

దేవరాజు అల్లుడి ముఖంలోకి చూశాడు. కూతురు శ్రీదుర్గ ఫోను వారం రోజులుగా పలకడం లేదు. ఉంగుటూరు నుంచి వచ్చి, స్టేషనుకెళ్ళి, హెడ్ కానిస్టేబుల్ ఎజ్రాని వెంటబెట్టుకుని వచ్చాడు.

"దుర్గ చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళదండీ," అన్నాడు.

వియ్యంకుడు వెంకట్రాజు కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. వియ్యపురాలు అచ్చాయమ్మ గుమ్మంలో నిలబడింది. ఎజ్రా ఆమెని ఏదో అడగబోతే, "మా ఆవిడకేం తెలియదండీ, నన్నడగండి," అన్నాడు వెంకట్రాజు.

ఎజ్రా పుస్తకం మూసి లేవబోతుంటే పోస్ట్‌మాన్ కవరు పట్టుకుని వచ్చాడు. అచ్చాయమ్మ గబగబా వెళ్ళి అందుకుంది.

కొల్లేటి పక్షులు చూడ్డానికొచ్చేవాళ్ళకి ఈ ఇంట్లో రెండు గదులు అద్దెకిస్తారు. వెళ్ళాక కొందరు ఇలా ఉత్తరాలు రాస్తుంటారు.

"అన్నయ్యగారూ, నాకు చూపు ఆనడం లేదు. కాస్త చదివి పెట్టండి," అంది అచ్చాయమ్మ.

"ఇప్పుడా?" కసిరాడు వెంకట్రాజు.

"మన ఇల్లెలాంటిదో వాళ్ళకీ తెలుస్తుంది కదండీ. గట్టిగా చదవండి అన్నయ్యగారూ."

దేవరాజుకి కోపం వచ్చింది. అయినా పెద్దావిడ కవరు చించి కాగితం చేతిలో పెడితే కాదనలేక తీసుకున్నాడు.

"కొల్లేటి ఒడ్డున నాకు పుట్టిల్లు చూపించిన అచ్చాయమ్మ గారికి, వెంకట్రాజు గారికి, చిరంజీవులు బాబీకి, శ్రీదుర్గకి, విశాఖపట్నం నుంచి సీతారత్నం ప్రేమతో రాసేది. నేను క్షేమంగా ఇల్లు చేరాను. మీ ఇంట్లో ఉన్న ఆ నాలుగు రోజులకి అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

"వెంకట్రాజు గారూ, సోమవారం కైకలూరు స్టేషనుకొచ్చి నా పెట్టె మీరే మోశారు. అచ్చాయమ్మ గారూ, మీ కొర్రమీను పులుసు రుచి ఇంకా నాలుక మీదే ఉంది. మీ గాజు గ్లాసు పగలగొట్టాను, మన్నించండి."

బాబీ ఆవులించాడు. దేవరాజు పేజీ తిప్పాడు.

"మంగళవారం బాబీ మేత కోసం ఉండి ఊరికి వెళ్ళాడు కదా, సాయంత్రం శ్రీదుర్గే నన్ను పడవ మీద తీసుకెళ్ళి గూడకొంగలు చూపించింది..."

దేవరాజు చదవడం ఆపేశాడు. ఎజ్రా మళ్ళీ కూర్చున్నాడు.

"మంగళవారం సాయంత్రమా?" అన్నాడు.

"ముసలావిడ రోజులు తప్పు రాసుంటుందండీ," అన్నాడు బాబీ.

"చదవండి," అన్నాడు ఎజ్రా.

"బుధవారం మధ్యాహ్నం తనే రొయ్యల ఇగురు వండింది. పక్షుల పేర్లన్నీ నా పుస్తకంలో తన చేత్తో రాసి, కింద తేదీ వేసి సంతకం పెట్టింది. ఆ కాగితం దాచుకున్నాను. ఆ సాయంత్రమే లోపల బాబీ గొంతు పెద్దగా వినిపించింది. ఇల్లన్నాక మామూలేనని నేను బయటికి రాలేదు. గురువారం బయల్దేరేటప్పుడు శ్రీదుర్గకి చెప్పి వెళ్దామంటే, జ్వరంతో పడుకుందన్నారు. తగ్గిందా తల్లీ?"

అక్షరాలు అలుక్కుపోయాయి. దేవరాజు కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు.

"బాబీ, నీకూ ధన్యవాదాలు. గురువారం తెల్లారకముందే లేచి, కొట్టం వెనక గొయ్యి తవ్వి పూడుస్తూ కూడా, నన్ను చూడగానే చేతులు కడుక్కుని వచ్చి ఆటో పిలిచావు. ఈసారి మీరంతా మా ఇంటికి రావాలి. మీ రాక కోసం ఎదురుచూస్తూ, మీ సీతారత్నం."

ఎజ్రా లేచి వీధి తలుపుకి అడ్డంగా నిలబడి, "సార్, ఎస్సైగారూ, మనుషుల్ని పంపండి. పారలు కావాలి," అన్నాడు ఫోనులో.

దేవరాజు గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు. వెంకట్రాజు రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

బాబీ ఉత్తరాన్ని లాక్కోబోయాడు. ఎజ్రా వాడి చెయ్యి పట్టి వెనక్కి విరిచాడు.

"నాలుగు రోజులుండి పోయిన మనిషి! ఈ గొడవంతా దానికెందుకు? ఇవన్నీ ఎవరు రాయమన్నారు దాన్ని?" అని అరిచాడు బాబీ.

అచ్చాయమ్మ గుమ్మం దాటి వచ్చి, నేల మీద కూలబడ్డ దేవరాజు పక్కనే చతికిలబడింది.

"మీరు నన్ను గడప దాటనివ్వలేదు కదరా. పక్కింటివాళ్ళ ఫోను గోడ మీంచి అడిగి తీసుకుని, ఆవిడకి ఫోన్ చేసి నేనే రాయమన్నాను."