రేడియో ఆగిన సాయంత్రం

"వాడు మనిషి కాదురా లెక్కలూ! నా షాపులో కూర్చుని, నా కత్తెరతోనే నా గిరాకీ కత్తిరిస్తున్నాడు!"

టైలర్ వచ్చి గంట దాటింది. బావమరిది మీద మొదలైన దండకం షాపు ఓనరు మీదకీ, అక్కణ్నుంచి చిన్నప్పుడు చదువు మాన్పించిన తండ్రి మీదకీ పాకి, మళ్లీ బావమరిది దగ్గరికే వచ్చింది. వీధిలో అతన్ని ఊరికే రేడియో అనరు.

లెక్కల మాస్టారు తలూపుతూ కూర్చున్నాడు. ఆ తలూపుడే కొంప ముంచుతోందని ఆయనకీ తెలుసు. ఊపినకొద్దీ వాడు ఇంకాస్త లోతుకి తవ్వుతాడు. వాడు వెళ్లిపోయాక ఆ కోపాలన్నీ ఈయన గుండెల మీద తిష్ట వేస్తాయి. అన్నం సహించదు. కన్నంటుకుంటే కలలోకీ ఆ బావమరిదే.

అలాగని వాణ్ని దూరం చేసుకోలేడు. తక్కిన స్నేహితులంతా మెల్లగా జారుకున్నారు. ఈ మధ్య గడప తొక్కుతున్నది వీడొక్కడే.

అందుకే కొన్నాళ్లుగా గడ్డం గీసుకుంటూ అద్దం ముందు సాధన చేస్తున్నాడు. 'నీ గోల భరించలేను' అంటే వాడి మనసు విరిగిపోతుంది. 'నాకు బరువుగా ఉంది' అంటే తప్పు వాడిమీద పడదు. అదే ఖాయం చేసుకున్నాడు.

టీ గుటక వేయడానికి టైలర్ ఆగాడు. మాస్టారు ఎడమచెయ్యి వాడి మోకాలి మీద వేశాడు.

"ఒరేయ్."

కప్పు గాల్లోనే ఆగిపోయింది.

"నువ్వంటే... నాకు ప్రాణంరా." ఒక్కో మాటా కూడదీసుకుని అన్నాడు. "కానీ రోజూ ఇవే వింటే... బరువుగా ఉంటోంది. నిద్ర పట్టట్లేదు."

టైలర్ ముఖం పాలిపోయింది. 

"రావడం మానకు. వచ్చాక... ముందు అడుగు, వినగలవా అని. ఓపిక లేకపోతే... లేదంటాను. ఊరికే కూర్చుందాం."

వంటగది గుమ్మంలో మాస్టారి భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"బావమరిది సంగతి... వాడికే చెప్పు. కావాలంటే... తోడొస్తా."

టైలర్ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. మాస్టారు కంగారుపడ్డాడు.

"కోపమొచ్చిందా?"

"కోపమా, నీ మొహమా!" టైలర్ ఆయన్ని గట్టిగా వాటేసుకున్నాడు. "తప్పు నాదేరా. నా బరువంతా తెచ్చి నీ నెత్తిన కుమ్మరిస్తూ, నీకెలా ఉందో ఒక్కనాడూ చూసుకోలేదు. ఇకనుంచి అడిగే మొదలెడతా, ఒట్టు. ఏదీ, ఇంకో నాలుగు తిట్టు!"

మాస్టారి భార్య కళ్లు తుడుచుకుంటూ వచ్చి అతనికి రెండు చేతులూ జోడించింది.

"మీరు రోజూ వచ్చి ఈయన బుర్ర తినకపోతే ఇది జరిగేదా అన్నయ్యగారూ!"

పక్షవాతం మాట పట్టుకుపోయాక మాస్టారు నోరు విప్పడం అదే మొదటిసారి.