అన్నం కింద మీగడ

వడ్డించే మరబొమ్మలు ఇంటింటికీ వచ్చాక భోజనాల దగ్గర గుట్టు నిలవడం లేదు.

ఆ ఆదివారం అందరి ముందూ మా బొమ్మ అరిచింది: "కోడలుగారు భర్తగారి అన్నం కింద మీగడ దాచారు! మిగతావాళ్లకి అన్యాయం!"

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆయన గబగబా కలిపేసుకున్నారు. పెద్దవాళ్ల ముందు పక్కపక్కన కూడా కూర్చోం మేము. నా ముద్దు ఆ మీగడే. దానికి ఆయన జవాబు, ఫ్రిజ్‌లో కరివేపాకు కింద నాకోసం దాచే మల్లెమొగ్గలు.

"కరివేపాకు కింద ఏముందో చెప్పనా?" అంది బొమ్మ.

అత్తగారు ఒక్క ఉదుటున లేచి దాని ప్లగ్ పీకేశారు.

"దిక్కుమాలిన బొమ్మ! దీన్ని వాగనిస్తే తర్వాత మీ మామయ్య కంచం మీద పడుతుంది!"

మామయ్యగారు అప్పటికే నేతిలో వేయించిన జీడిపప్పుల మీదికి అన్నం లాక్కుంటున్నారు.